తిట్టుకు, భాష రాకపోవడానికి సంబంధం లేదు

“బూతులు మాట్లాడేవాడికి భాష రాదు. సరైన మాట దొరకనప్పుడే నోటికి బూతు వస్తుంది. నోరు పారేసుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. స్నేహితులు ఒకరినొకరు తిట్టుకుంటున్నారంటే అది స్నేహం కాదు, మర్యాద తెలియకపోవడం. ఈ మాట పది మందికి పంపండి.”

ఫోన్ల మధ్య తిరిగే ఇటువంటి సందేశంలోని మొదటి వాక్యాన్ని ఎవరైనా పరీక్షించి చూడవచ్చు, చూశారు కూడా. అమెరికాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్తలు క్రిస్టిన్ జే, తిమోతీ జే 2015లో ప్రచురించిన అధ్యయనంలో, పాల్గొన్నవారిని ఒక్క నిమిషంలో తమకు తెలిసిన బూతు మాటలన్నీ చెప్పమన్నారు. ఫలానా అక్షరంతో మొదలయ్యే మామూలు మాటలను, జంతువుల పేర్లను కూడా అదే విధంగా గడువు పెట్టి చెప్పించారు. మామూలు మాటలు ఎక్కువ చెప్పగలిగినవారే బూతులు కూడా ఎక్కువ చెప్పారు. మాటల మూట చిన్నదైనవారి దగ్గరే బూతులు పోగుపడతాయన్న ఊహ నిజమైతే ఫలితం దీనికి తలకిందులుగా వచ్చి ఉండాలి. అయితే ఈ అధ్యయనం కొలిచింది ఎన్ని బూతులు తెలుసన్నదే గాని, రోజూ ఎన్ని వాడతారన్నది కాదు. కాబట్టి బూతులు వాడేవారే తెలివైనవారని దీని నుంచి తేల్చడం కూడా తప్పే.

మాట వెతుక్కోలేక బూతును ఆశ్రయిస్తామన్న రెండో వాక్యం, మెదడు పనిచేసే తీరుకు సరిపడదు. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా పరీక్షించిన లెబోర్న్ అనే రోగికి ఎడమ మెదడు ముందుభాగం దెబ్బతిని మాట పడిపోయింది. ఏమడిగినా “టాన్, టాన్” అనే ఒక్క శబ్దమే పలికేవాడు. ఎదుటివారికి తన సంగతి అర్థం కాక కోపం వచ్చినప్పుడు మాత్రం దేవుడి పేరు మీద ఒక ఫ్రెంచి ఒట్టు తిట్టు స్పష్టంగా బయటికి వచ్చేది. (వారికి అప్పట్లో దైవనామమే నిషిద్ధం, మనకు తల్లినీ చెల్లినీ చావునూ తాకే మాటలు నిషిద్ధం.) మాట పోయినా తిట్టు మిగలడం ఇటువంటి రోగుల్లో తరువాత కూడా చాలాసార్లు చూశారు. ఆలోచించి వాక్యం కూర్చడానికి పనిచేసే భాగాలు ఒకటి, ఉద్వేగంతో ముడిపడి అప్రయత్నంగా వచ్చే మాటకు తోడ్పడే భాగాలు మరొకటి అని దీనివల్ల తెలుస్తుంది. కాలికి రాయి తగిలినప్పుడు తెలుగు పండితుడి నోట కూడా పద్యం రాదు.

ఒరిగేదేమీ లేదన్న మూడో మాటకు ఇంగ్లండులోని కీల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగమే జవాబు. రిచర్డ్ స్టీఫెన్స్ బృందం 2009లో విద్యార్థుల చేత మంచులాంటి చల్లని నీటిలో చెయ్యి పెట్టించింది. ఒకసారి తమకు నచ్చిన తిట్టును, మరోసారి బల్లను వర్ణించే ఒక మామూలు మాటను మళ్ళీ మళ్ళీ అనమన్నారు. తిట్టుకున్నప్పుడు సగటున 40 సెకన్లకు అటూ ఇటూగా ఎక్కువసేపు చెయ్యి ఉంచగలిగారు, గుండె వేగం కూడా పెరిగింది. 2020లో “ఫౌచ్”, “ట్విజ్‌పైప్” అని తిట్టులా ధ్వనించే కొత్త మాటలు కల్పించి అనిపిస్తే నొప్పి తగ్గలేదు. అంటే మందు ఉన్నది ఒక్క శబ్దంలోనే కాదు, బహుశా చిన్నప్పుడు ఆ మాట అన్నందుకు పడిన దెబ్బలో, “నోరు కడుక్కో” అన్న గద్దింపులో ఉండవచ్చు. రోజంతా తిట్టేవారికి ఈ ఉపశమనం తక్కువగా దక్కుతుందని అదే బృందం 2011లో చూపింది. వాడకం పెరిగితే ముల్లు మొద్దుబారుతుంది.

అన్నిటికంటె పెద్ద పొరపాటు నాలుగో మాటలో ఉంది. న్యూజిలాండ్‌లోని ఒక సబ్బుల కర్మాగారంలో, కలిసికట్టుగా పనిచేసే ఒక జట్టు సంభాషణలను అక్కడి విశ్వవిద్యాలయ భాషా పరిశోధకులు రికార్డు చేసి, 2004లో విశ్లేషణ ప్రచురించారు. ఆ జట్టువారు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసేటప్పుడు, అడిగిన పని చేయనని చెప్పేటప్పుడు ఇంగ్లీషులోని అతి మొరటు మాటను ధారాళంగా వాడారు. ఎదుటివారు నొచ్చుకోలేదు, పని ఆగలేదు. ఫిర్యాదూ నిరాకరణా మామూలుగానే మనసుకు గుచ్చుకునేవి, వాటికి బూతు తోడైతే గాయం పెరగాలి కదా. కాని అక్కడ ఆ మాట “నీతో దాపరికం లేదు, నిన్ను మనలో ఒకడిగానే అంటున్నాను” అన్న గుర్తుగా పనిచేసింది. జట్టు బయటివారితో మాట్లాడేటప్పుడు అదే మనుషులు ఆ మాట దాదాపు వాడలేదు. మర్యాద తెలియనివారికి ఎక్కడ ఆపాలో తెలియదు, వీరికి తెలుసు.

ఇది తెలుగువారికి కొత్త సంగతి కాదు. మనం “మీరు” నుంచి “నువ్వు”కు, అక్కడి నుంచి “ఒరేయ్”కు దిగుతున్న కొద్దీ మనిషికి దగ్గరవుతాం. నిషిద్ధమైన మాట ఆ మెట్లలో చివరిది. దాన్ని అన్నవాడు తన పరువును ఎదుటివాడి చేతిలో పెడుతున్నాడు, అతడు నవ్వి తిరిగి అంటే నమ్మకం నిలబడినట్టు. బావామరదళ్ళ వేళాకోళం, పెళ్ళిలో వియ్యపురాలిని ఆడిపోసుకునే పాటలు ఈ కోవలోవే. మానవ శాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ 1940లో ఇటువంటి బంధాలను అనుమతించిన అగౌరవమని వివరించాడు. అనడానికి ఒకరికి హక్కుంటే, నొచ్చుకోకపోవడం రెండోవారి బాధ్యత. “నీ తస్సాదియ్యా” అన్నది మెచ్చుకోలుగా మారిందన్నా, “నీ ఇల్లు బంగారం కాను” అంటూ శాపనార్థం ఆకారంలోనే దీవెన వచ్చిందన్నా ఈ చనువు వల్లనే.

శస్త్రచికిత్స జరిగి మా నాన్నగారు మంచం మీద ఉన్నప్పుడు చూడడానికి వచ్చినవారందరూ గొంతు తగ్గించి పరామర్శించారు. ఆయన చిన్ననాటి స్నేహితుడు మాత్రం గుమ్మంలోంచే “ఏరా సచ్చినోడా, ఇంకా పోలేదా?” అన్నాడు. నాలుగు రోజుల తరువాత నాన్నగారు అప్పుడే మొదటిసారి నవ్వారు, కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకుని మరీ నవ్వారు. కొన్నేళ్ళకు ఇద్దరికీ గట్టు తగాదా వచ్చింది. అప్పుడు ఆ స్నేహితుడు “మీరు చెప్పండి” అని మర్యాదగా మాట్లాడడం మొదలుపెట్టాడు. నాన్నగారిని కుంగదీసింది ఆ “మీరు”.

అయితే ఈ చనువుకు హద్దులున్నాయి, అవి దాటినప్పుడు గుర్తుపట్టవచ్చు. తిట్టు రెండు వైపులా నడవాలి. యజమాని అంటే పనివాడు తిరిగి అనలేని చోట, సీనియరు అంటే జూనియరు తల దించుకునే చోట నడిచేది చనువు కాదు, పెత్తనమే. అక్కడ నవ్వు ముందుగా అన్నవాడి నోట పుడుతుంది, పడినవాడి నోట ఆలస్యంగా, సగమే వస్తుంది. అలాగే మన తిట్లలో చాలావరకు ఎదుట లేని స్త్రీ మీదనో ఒక కులం మీదనో వేసినవి. ఇద్దరు స్నేహితులు వాటితో నవ్వుకున్నా, పక్క బల్ల దగ్గర కూర్చుని వింటున్న మూడో మనిషి ఆ ఒప్పందంలో లేడు. షెడ్యూల్డు కులానికో తెగకో చెందిన వ్యక్తిని ఆ వర్గానికి చెందనివాడు నలుగురికీ కనిపించే చోట కులం పేరుతో దూషిస్తే అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం, “మేం స్నేహితులమే” అన్న ఏకపక్షపు మాట అక్కడ అవతలి మనిషి సమ్మతికి బదులు కాదు.