సంచితోపాటు అండాశయాలూ తీసేశారా? అయితే ఆ క్యాన్సర్ లెక్క మీది కాదు

37 ఏళ్ళకే గర్భసంచి, దాంతోపాటు రెండు అండాశయాలూ తీయించుకున్న మనిషి "ఒంట్లోంచి సెగలొస్తున్నాయండీ, రాత్రి నిద్ర లేదు" అంటే మన గోదావరి జిల్లాల్లో వచ్చే జవాబు దాదాపు ఒకటే. "ఓర్చుకోమ్మా, హార్మోన్ మందు వాడితే రొమ్ము క్యాన్సర్ వచ్చేస్తుంది." చుట్టాలూ ఇదే అంటారు, మందుల షాపులోనూ ఇదే అంటారు, కొందరు డాక్టర్లూ ఇదే అంటారు. ఆ వయసు మనిషికి ఇది తప్పుడు సలహా. ఎంతోమంది ఏళ్ళ తరబడి దీన్ని నమ్మి నరకం పడుతున్నారు.

ఇది ఎవరో ఒకరిద్దరి బాధ కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలోకెల్లా ఎక్కువగా ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, దాదాపు 9 శాతం. "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు ఆ సంచి" అన్న ఒక్క మాటతో అయిపోయిన ఆపరేషన్లు వీటిలో ఎన్నో. అండాశయాలు కూడా తీశారా, ఉంచారా అన్నది చాలామందికి ఎవరూ విడమరిచి చెప్పలేదు. అసలు కథంతా అక్కడే ఉంది.

గర్భసంచి ఒక్కటే తీస్తే నెలసరి ఆగుతుంది గానీ హార్మోన్లు ఆగవు. అండాశయాలు తమ పని చేస్తూనే ఉంటాయి, కాకపోతే కొందరిలో రెండు మూడేళ్ళు ముందే అలిసిపోతాయి. అండాశయాలు కూడా తీసేస్తే సంగతి వేరు. మామూలుగా ముట్లుడిగేటప్పుడు, అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ హార్మోన్ కొన్నేళ్ళపాటు పెరుగుతూ తరుగుతూ మెల్లగా తగ్గుతుంది. ఆపరేషన్‌తో అది ఒకట్రెండు రోజుల్లో అడుగంటిపోతుంది. అందుకే వీళ్ళకి సెగలు ఎక్కువసార్లు వస్తాయి, గట్టిగా వస్తాయి.

ముందు చెయ్యాల్సిన పని, బీరువాలోంచి డిశ్చార్జి కాగితం బయటికి తియ్యడం. ఆపరేషన్ పేరు దగ్గర "బీఎస్‌ఓ" అని మూడు ఇంగ్లీషు అక్షరాలుంటే రెండు అండాశయాలూ, వాటి గొట్టాలూ తీసేశారని. దాంతోపాటు బయాప్సీ రిపోర్టు కూడా వెతకండి. సంచిలో ఏ జబ్బు ఉందన్నది అందులో ఉంటుంది, మందు నిర్ణయించడానికి అది కావాలి. కాగితాలు పోతే ఎఫ్‌ఎస్‌హెచ్ రక్తపరీక్ష, కింది నుంచి చేసే స్కానింగు కొంతవరకు చెబుతాయి.

సెగ అంటే ఏమిటో కూడా తెలియాలి, మన ఊళ్ళలో ఉక్కకి దీనికి తేడా పట్టుకోవడం కష్టం కాబట్టి. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఒంటి వేడిని కనిపెట్టుకుని ఉంటుంది. లోపలి వేడి కొద్దిగా అటూ ఇటూ అయినా మామూలుగా అది పట్టించుకోదు. ఈస్ట్రోజెన్ పడిపోతే అక్కడి కొన్ని నరాల కణాలకి పగ్గం తెగుతుంది, ఆ పట్టించుకోని హద్దు బాగా ఇరుకైపోతుంది. గ్లాసుడు వేడి టీ తాగినా, పొయ్యి దగ్గర రెండు నిమిషాలు నిలబడినా ఒళ్ళు కాలిపోతోందని మెదడు పొరబడుతుంది. వెంటనే చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుంటాయి, చెమట కుమ్మేస్తుంది. ఆ చెమటతో నిజంగానే ఒళ్ళు చల్లబడి ఆఖర్న చలి పుడుతుంది.

గుర్తు ఇదీ: ఛాతీ దగ్గర మొదలై మెడ, మొహం మీదికి ఎగబాకుతుంది, గుండె దడదడలాడుతుంది, ఒకటి నుంచి ఐదు నిమిషాల్లో తగ్గి వణుకు పుట్టిస్తుంది. మే నెల ఉక్క ఒళ్ళంతా ఒకేసారి పడుతుంది, ఫ్యాను కింద కూర్చుంటే తగ్గుతుంది. సెగ అలా కాదు. సంక్రాంతి చలిలో తెల్లవారుజామున దుప్పటి తన్నేయిస్తుంది. రొయ్యల షెడ్డులో ఐసు ముక్కల మధ్య తలలు తీస్తున్నవాళ్ళకీ వస్తుంది. అయితే సాయంత్రాలు జ్వరం, బరువు తగ్గడం, దగ్గు ఉంటే మాత్రం టీబీ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ ఎలాగూ చూడాలి. షుగర్ మాత్రలు వాడేవాళ్ళు చెమటలు పట్టినప్పుడు ఒకసారి షుగర్ చూసుకోవాలి, పడిపోయినా ఇలాగే ఉంటుంది.

ఇక క్యాన్సర్ భయం. ఇది 2002లో పుట్టింది. అమెరికాలో గర్భసంచి ఉన్న 16,608 మందిని తీసుకుని, సగం మందికి ఈస్ట్రోజెన్‌తోపాటు ప్రొజెస్టిన్ అనే, ప్రొజెస్టెరాన్ హార్మోన్‌లా పనిచేసే మందు కలిపిన మాత్ర ఇచ్చి చూశారు. ఏడాదికి 10,000 మందికి లెక్క కడితే, మందు వాడనివాళ్ళలో రొమ్ము క్యాన్సర్లు 30, వాడినవాళ్ళలో 38. అంటే 8 ఎక్కువ. రక్తం గడ్డలు, పక్షవాతం కూడా కొంత పెరిగాయి. తుంటి ఎముక విరగడం తగ్గింది. పరిశోధన మధ్యలోనే ఆపేశారు, ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది.

కానీ ఎవరి మీద చేశారు? 50 నుంచి 79 ఏళ్ళవాళ్ళ మీద. సగటు వయసు 63. గర్భసంచి లేనివాళ్ళకి విడిగా ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చి ఇంకో పరిశోధన చేశారు. 2004లో దాన్నీ ఆపారు, కారణం పక్షవాతం పెరగడం. అందులో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, కాస్త తక్కువే కనిపించింది. 37కి ఆపరేషనై ఇప్పుడు 41 ఏళ్ళున్న మన ఆడమనిషి ఈ రెండింట్లోనూ లేదు. 63 ఏళ్ళావిడ లెక్క తెచ్చి ఈవిడ నెత్తిన రుద్దుతున్నారు.

ఇంకోలా చెప్తాను. పక్కింటావిడకీ 41 ఏళ్ళే. ఆవిడ అండాశయాలు ఉన్నాయి, రోజూ ఈస్ట్రోజెన్ తయారవుతూనే ఉంది. "నీ ఒంట్లో ఈస్ట్రోజెన్ ఉంది, క్యాన్సరొస్తుంది, ఆపించుకో" అని ఆవిడతో ఎవరైనా అంటారా? ఈవిడకి మందుగా ఇచ్చేది ఆ పోయినదానికి బదులు, దాదాపు అంతే మోతాదులో. 50 ఏళ్ళావిడకి ఇవ్వడం ఒకటి, 41 ఏళ్ళావిడకి ఇవ్వడం ఒకటి. ఇవ్వకపోతే వచ్చే నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తియ్యరు, నాకు కోపం వచ్చేది అక్కడే. 45 లోపు ఈస్ట్రోజెన్ పోయి, బదులు అందకపోతే మొదటి కొన్నేళ్ళలోనే ఎముక గబగబా పలచబడుతుంది, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అందుకే వద్దనడానికి కారణమేదీ లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు, అంటే సుమారు 50-51 వరకు ఇమ్మనే వైద్య మార్గదర్శకాలు చెబుతాయి.

వద్దనే కారణాలు నిజంగానే ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, ఈమధ్య గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్ళు, కాలిలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డ కట్టినవాళ్ళు, కాలేయం బాగా దెబ్బతిన్నవాళ్ళు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్ళు వాడకూడదు. తల్లికో అక్కచెల్లెళ్ళకో చిన్న వయసులో రొమ్ము లేక అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే ముందే డాక్టరుకి చెప్పాలి. హార్మోన్ వాడకూడనివాళ్ళ సెగలకి హార్మోన్ లేని మందులున్నాయి, వెన్‌లాఫాక్సిన్, గాబాపెంటిన్ లాంటివి. అంత బాగా పనిచెయ్యవు గానీ పనిచేస్తాయి.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. రావులపాలెం దగ్గర పల్లెలో 41 ఏళ్ళావిడ అనుకోండి. నాలుగేళ్ళ కిందట ఆపరేషన్, కాగితంలో బీఎస్‌ఓ ఉంది, బయాప్సీలో క్యాన్సర్ కాని కండ గడ్డలు తప్ప ఇంకేం లేదు. రోజుకి 11 సెగలు, రాత్రి నాలుగుసార్లు మెలకువ. ఎత్తు 153 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. బీపీ 136/86, పరగడుపు షుగర్ 112. రొమ్ము పరీక్ష, మామోగ్రామ్ బాగున్నాయి. ఇంట్లో ఎవరికీ క్యాన్సర్ లేదు.

గర్భసంచి లేదు, సంచి లోపలి పొర లాంటిది సంచి బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ జబ్బు కూడా లేదు కాబట్టి ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. ప్రొజెస్టెరాన్ ఇచ్చేది గర్భసంచి పొర మందం కాకుండా కాపాడటానికి. సంచే లేనప్పుడు దాన్ని కలపడం అనవసరమైన ముప్పు. ఇక మాత్రా, జెల్లా? మింగిన ఈస్ట్రోజెన్ ముందు కాలేయంలోకి వెళ్ళి రక్తం గడ్డకట్టించే పదార్థాలని పెంచుతుంది. చర్మంలోంచి వెళ్ళినది ఆ దారి తప్పించుకుంటుంది, మామూలు మోతాదులో రక్తం గడ్డల ముప్పు పెరిగినట్టు కనబడలేదు. ఈవిడకి బరువు ఎక్కువ, బీపీ అంచు మీద ఉంది. కాబట్టి జెల్ మేలు. ఈస్ట్రాడయోల్ అనే ఈస్ట్రోజెన్ ఉన్న 0.06 శాతం జెల్ రోజుకి 2.5 గ్రాములు, అంటే 1.5 మిల్లీగ్రాముల మందు.

మన తేమలో ఒంటికి అంటించుకునే ఈస్ట్రోజెన్ పట్టీలు చెమటకి ఊడిపోతాయి, జెల్‌కీ కాస్త జాగ్రత్త కావాలి. స్నానం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరాక, ఫ్యాను కింద నిలబడి చేతులకీ భుజాలకీ పలచగా రాయాలి. రొమ్ముల మీద రాయకూడదు. ఐదు నిమిషాలు ఆరనిచ్చి జాకెట్టు వేసుకోవాలి, గంట వరకు తడపకూడదు. కొబ్బరినూనె, పసుపు, పౌడరు ఉన్న చోట రాయొద్దు. రాసిన చోటు పసిపిల్లలకి తగలకూడదు, చేతులు కడుక్కోవాలి. "జెల్ పనిచెయ్యట్లేదండీ" అని వచ్చేవాళ్ళలో కొందరు చెమట ఒంటి మీదే రాసేస్తుంటారు.

రెండు మూడు వారాల్లో తేడా మొదలవుతుంది, పూర్తిగా తెలియడానికి మూడు నెలలు పడుతుంది. పుస్తకంలో రోజూ సెగలు ఎన్నో గీతలు పెట్టుకుంటే మంచిది. ఈవిడకి ఆరు వారాలకి 11 కాస్తా 5 అయ్యాయి, రాత్రి ఇంకా రెండుసార్లు లేస్తోంది అనుకోండి. ఈ వయసువాళ్ళకి తరచూ మోతాదు ఎక్కువే కావాలి, డాక్టరు పెంచుతారు. రొమ్ములు బరువెక్కి నొప్పి పెడితే ఎక్కువైందని గుర్తు, కాస్త తగ్గిస్తారు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం ఉన్నట్టుండి వచ్చినా, మాట ముద్దగా అయినా అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు, ఆసుపత్రికి వెళ్ళిపోవాలి.

మందుల షాపులో ఒక ప్రమాదం ఉంది. "జెల్ లేదమ్మా, ఇదీ హార్మోన్ బిళ్ళే" అని నోరెథిస్టెరాన్ చేతిలో పెట్టేస్తారు. అది పుష్కరాలకీ పెళ్ళిళ్ళకీ నెలసరి వాయిదా వెయ్యడానికి వేసుకునే మాత్ర, ఈస్ట్రోజెన్ కాదు. చీటీ మీద ఈస్ట్రాడయోల్ అని ఉంటే పెట్టె మీదా అదే పేరుండాలి.

ఆపైన ఏడాదికోసారి బీపీ, షుగర్, రొమ్ము పరీక్ష. వీలైతే ఒకసారి డెక్సా స్కానుతో ఎముక గట్టితనం. ఈవిడకి 51 వచ్చినప్పుడు కూర్చుని మళ్ళీ ఆలోచించాలి. మెల్లగా తగ్గించి చూడొచ్చు, సెగలు తిరిగొస్తే తక్కువ మోతాదులో కొనసాగించడమా అని డాక్టరుతో తేల్చుకోవచ్చు. ఆ 50 నుంచి 79 ఏళ్ళవాళ్ళ అంకెలు ఈవిడకి పనికొచ్చేది అప్పటినుంచి.