గడువు ఇచ్చారు సరే, ప్రశ్నకు దారేది?

పని అప్పగించడం గురించి ఆఫీసుల్లో చర్చ ఎప్పుడు మొదలైనా గడువు దగ్గరే తిరుగుతుంది. ఎప్పటికి కావాలో చెప్పారా, గుర్తు చేశారా, ఆలస్యానికి బాధ్యులెవరు అన్నంతవరకే. ఇప్పటికే తలమునకలుగా ఉన్న సహోద్యోగికి మరో పని ఇచ్చేటప్పుడు గడువు కన్నా ముందు తేలాల్సింది వేరే ఉందని నా వాదన. మధ్యలో సందేహం వస్తే ఆమె ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి? అడిగే వీలు లేకపోతే ఏం చేయాలి? ఇవి తేల్చకుండా ఇచ్చిన పని మీద ‘అర్జెంటు’ అని ఎన్నిసార్లు రాసినా అది ఆలస్యమవుతుంది. దీన్ని మర్యాదల వ్యవహారంగా చూడటం పొరపాటు. దీని వెనుక కచ్చితమైన లెక్క ఉంది.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో కాల్స్ ఎందుకు నిలిచిపోతున్నాయో అర్థం చేసుకోవడానికి డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ 1909లో ప్రచురించిన అధ్యయనం నుంచి క్యూల గణితం ఎదిగింది. అందులోని అతి సులభమైన నమూనా ఇలా ఉంటుంది: పనులు ఒక క్రమం లేకుండా వచ్చి పడుతుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో రకంగా సమయం తీసుకుంటుంది, సగటున ఒక్కో పనికి గంట పడుతుంది. మనిషి సమయంలో సగమే నిండి ఉంటే కొత్త పని తన వంతు కోసం సగటున ఒక గంట ఆగుతుంది. 80 శాతం నిండితే 4 గంటలు. 90 శాతానికి 9 గంటలు. 95 శాతానికి ఏకంగా 19 గంటలు. 90 శాతం బిజీగా ఉన్న మనిషికీ, 95 శాతం బిజీగా ఉన్న మనిషికీ పైకి ఏ తేడా కనిపించదు. వారి బల్ల మీద పడిన కాగితానికి మాత్రం నిరీక్షణ రెట్టింపు దాటుతుంది.

ఇక్కడే ప్రశ్న సంగతి వస్తుంది. మీరిచ్చిన గంట పని 9 గంటలు ఆగి ఆమె చేతికి వచ్చిందనుకుందాం. అందులో ఒక అస్పష్టత కనిపించింది. మీకు మెసేజ్ పెట్టి ఆమె మరో పని అందుకుంటుంది. మీ జవాబు వచ్చాక ఆ పని మళ్లీ వరుస చివరికి చేరుతుంది. అలా రెండు ప్రశ్నలు వచ్చాయంటే పని మూడుసార్లు వరుసలో నిలబడినట్టే. అంటే 27 గంటలు, మూడు పనిదినాలకు పైమాటే. మీ జవాబు కోసం ఆమె ఎదురుచూసిన సమయం దీనికి అదనం. చేయాల్సిన అసలు పని ఇంకా గంటే. గడువును ముందుకు జరిపినంత మాత్రాన ఈ లెక్క మారదు. ప్రశ్నలు తగ్గాలి, లేదా పని ఆమె చేతిలో ఉండగానే జవాబు దొరకాలి.

ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. సోమవారం ఒక అధికారి నుంచి సహోద్యోగికి మెసేజ్ వెళ్లింది: ‘గత మూడు నెలల ఫిర్యాదుల మీద ఒక నోట్ తయారు చేయగలరా? గురువారానికి కావాలి, అర్జెంటు.’ ఇందులో గడువు ఉంది, మర్యాద ఉంది. కానీ మూడు నెలలంటే ఏప్రిల్ నుంచి జూన్ వరకా, ఇవాళ్టి నుంచి వెనక్కా? పరిష్కారమైన ఫిర్యాదులను కలపాలా? ఒకే మనిషి నాలుగుసార్లు ఫిర్యాదు చేస్తే అది ఒకటా, నాలుగా? ఇవన్నీ అడిగితే బుధవారం గడిచిపోతుంది. అడగకపోతే ఇంకా ప్రమాదం. తీరిక లేని మనిషి తనకు తోచిన అర్థం తీసుకుని, గ్రాఫులతో పన్నెండు పేజీలు పంపుతుంది. అవతల కావాల్సింది ఒక్క పేజీ.

అదే పనిని ఇలా అడగవచ్చు:

‘గురువారం ఉదయం 11 గంటల సమావేశంలో ఫోన్ల విభాగానికి మరో ఉద్యోగిని ఇవ్వాలా వద్దా అన్నది నిర్ణయిస్తారు. అందుకోసం ఏప్రిల్ నుంచి జూన్ వరకు, ఫోన్ ఎత్తడం లేదని వచ్చిన ఫిర్యాదులు నెలకెన్నో కావాలండీ. ఒక పేజీ చాలు. గ్రాఫులు, కారణాల విశ్లేషణ అక్కర్లేదు. పరిష్కారమైనవీ కలపండి. జాబితా మన ఉమ్మడి ఫోల్డర్‌లో ఉంది. బుధవారం 4 గంటలకు అందితే నేను చదువుకోగలను. గురువారం ఉదయం 9 దాటితే మాత్రం ఉపయోగం లేదు. సందేహం వస్తే మెసేజ్ వద్దు, ఫోన్ చేయండి. రేపూ ఎల్లుండీ 3 నుంచి 3.30 వరకు ఆ సమయం మీకోసమే ఉంచాను. నేను దొరకకపోతే మీకు సబబనిపించినట్టు చేసి, ఏమనుకుని చేశారో అడుగున ఒక వాక్యం రాయండి. జాబితాలో ఒక నెల వివరాలే లేకపోతే మాత్రం ఊహించవద్దు, వెంటనే చెప్పండి. దీనికోసం మీ దగ్గర ఏ పని ఆగాలో చెబితే, దాన్ని అడిగినవారితో నేను మాట్లాడతాను.’

ఈ సందేశంలో చాలామంది మెచ్చుకునేది స్పష్టమైన గడువును. నన్ను ఆకట్టుకునేవి మాత్రం మరో రెండు. మొదటిది, నిర్ణయం ఏమిటో చెప్పిన తొలి వాక్యం. ఒకే మనిషి పదే పదే చేసిన ఫిర్యాదులను ఎలా లెక్కించాలో ఇందులోనూ రాయలేదు. అయినా మనిషిని పెంచాలా వద్దా అన్నదే విషయమని తెలిసినవారు ఆ ఫిర్యాదులను దాచరు, విడిగా చూపిస్తారు. ఉద్దేశం తెలిస్తే, రాసేవారికి తట్టని ప్రశ్నలకు కూడా జవాబు దొరుకుతుంది. రెండోది, ఏది సొంతంగా తేల్చుకోవచ్చో, ఏది ఆగి అడగాలో గీసిన గీత. తర్వాత సులభంగా దిద్దగలిగిన చోట ఊహకు అనుమతి, దిద్దలేని చోట ఫోను. ఈ గీత లేకపోతే జాగ్రత్తపరులు ప్రతి చిన్నదానికీ ఆగుతారు, ధైర్యవంతులు అసలు ఆగరు.

ఇంత రాసే సమయంలో పని నేనే చేసుకోవచ్చు కదా, అనుభవం ఉన్నవారికి ఇలా విడమరచి చెప్పడం అవమానం కాదా అంటారు కొందరు. పది నిమిషాల పనైతే నిజంగానే మీరే చేసుకోండి, బిజీగా ఉన్నవారి జోలికి వెళ్లకండి. అవమానం మాటకు వస్తే, పై సందేశంలో ఎలా చేయాలో చెప్పిన వాక్యం దాదాపు లేదు. ఏం కావాలో, ఎందుకు కావాలో మాత్రమే ఉంది.

ఒక జాగ్రత్త అవసరం. మునిగిపోయి ఉన్న మనిషి ‘సరే’ అంటే అర్థమైందని కాదు. ఆ సంభాషణ ముగియాలని మాత్రమే. ఆసుపత్రుల్లో షిఫ్టు మారేటప్పుడు రోగులను అప్పగించే ఐ-పాస్ పద్ధతిలో చివరి మెట్టు, విన్న వైద్యుడు తిరిగి తన మాటల్లో చెప్పడం. 2014లో ప్రచురితమైన అధ్యయనంలో, 9 ఆసుపత్రుల పిల్లల వైద్య విభాగాల్లో ఈ పద్ధతిని శిక్షణతో సహా అమలు చేశాక వైద్యపరమైన పొరపాట్లు 23 శాతం తగ్గాయి. ఆఫీసులో అంత తతంగం అక్కర్లేదు. ‘ముందుగా ఏది తెరుస్తారు?’ అని అడిగితే చాలు. జవాబులో ఫోల్డర్ పేరు వినిపిస్తే పని చేరినట్టు, ‘చూస్తానండీ’ అని వినిపిస్తే చేరనట్టు.

ఇక నాకు మంట పుట్టించే విషయం. ఎంత బాగా రాసిన సందేశమైనా ప్రశ్నల వల్ల వచ్చే తిరుగుళ్లనే తగ్గిస్తుంది. 95 శాతం నిండిన మనిషి దగ్గర ఆ తొలి 19 గంటల నిరీక్షణ అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించే వాక్యం చివరిదొక్కటే: ఏ పని ఆగాలో చెప్పండి, నేను మాట్లాడతాను. సమాన స్థాయి ఉద్యోగి ఈ మాట అనగలడు గానీ నిలబెట్టుకోవడం అతని చేతిలో ఉండదు. పనుల వరుసను మార్చే అధికారం పైవారిది. ఆ పైవారేమో ఖాళీగా కనిపించే గంటను నష్టంగా చూస్తారు. అందరి సమయం నూటికి నూరు నిండితే సంస్థ బాగా నడుస్తోందని సంబరపడతారు, ఆ తర్వాత చిన్న కాగితానికి వారం ఎందుకు పట్టిందని సంజాయిషీ అడుగుతారు. పై నమూనాలో నూరు శాతం దగ్గర వచ్చే జవాబు అంకె కాదు, అనంతం. నెలవారీ సమీక్షల్లో ఎవరెంత బిజీ అన్న గడి ఒకటి ఉంటుంది. దాని పక్కన, ఒక్కో పని చేతికి అందేలోపు ఎన్ని రోజులు ఆగిందన్న గడి చేర్చమని వారిని అడగాలి.