కొర్రన్నం కప్పులో ఎంతుంది?

ఉగాదికి బెంగళూరులో మన సంఘం భోజనాల దగ్గర ఒకావిడ గట్టిగా చెప్పారు: "క్వినోవాలో ప్రోటీన్ 8 గ్రాములేనట, మన కొర్రల్లో 12 గ్రాములట. డబ్బులు పోసి అదెందుకండీ కొనడం?" చుట్టూ ఉన్నవాళ్ళంతా తలూపారు. కొర్రలు మా ఇంట్లోనూ వారానికి నాలుగు రోజులు తింటాం, వాటిమీద నాకూ అభిమానమే. కానీ ఆ లెక్క తప్పు. అలాంటి తప్పు లెక్కతోనే మా నాన్నగారికి ఆరు నెలలు అన్నం వడ్డించాను కాబట్టి రాస్తున్నాను.

ఆ 12 గ్రాములు 100 గ్రాముల పచ్చి కొర్రలవి. 8 గ్రాములు వండిన ఒక కప్పు క్వినోవావి. గింజ ఉడికితే తన బరువుకు రెండింతల పైగా నీళ్ళు పీల్చుకుంటుంది. పచ్చి గింజల అంకెను ఉడికిన మెతుకుల అంకె పక్కన పెడితే పచ్చిదే గెలుస్తుంది. పచ్చి క్వినోవాలో అయితే 100 గ్రాములకు 14 గ్రాముల దాకా ఉంటుంది.

అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో వండిన క్వినోవా కప్పుకు ప్రోటీన్ 8 గ్రాములు, పిండిపదార్థం 39. బ్రౌన్ రైస్ కప్పుకు 5, 45. అందులో వండిన మిల్లెట్ అని ఒకటే ఉంది కానీ కొర్రలని విడిగా లేదు. అందుకే ఇంట్లోనే తూచాను. 100 గ్రాముల కొర్రలు నానబెట్టి, రెండున్నర రెట్లు నీళ్ళు పోసి పొడిపొడిగా వండితే 320 గ్రాముల అన్నం అయింది. 240 మిల్లీలీటర్ల కప్పులో అదమకుండా నింపితే 175 గ్రాములు పట్టింది. అంటే కప్పు అన్నంలో ఉన్న పచ్చి గింజ 55 గ్రాములే. మన దేశంలో ఎప్పట్నుంచో వాడే పట్టికల ప్రకారం 100 గ్రాముల కొర్రల్లో ప్రోటీన్ 12.3 గ్రాములు కాబట్టి కప్పుకు వచ్చేది దాదాపు 6.8.

పిండిపదార్థం దగ్గర ఇంకో మెలిక ఉంది. మన పాత పట్టికల్లో కొర్రలకు 60.9 అని ఉంటుంది, పీచు 8 గ్రాములు విడిగా చూపిస్తారు. అమెరికా వాళ్ళు పీచును కూడా పిండిపదార్థంలోనే కలిపేస్తారు. ఒకే పద్ధతిలో చూడాలంటే రెండూ కలపాలి. అలా కలిపితే కొర్రన్నం కప్పుకు 38 గ్రాములు. అంటే క్వినోవాతో సమానం, బ్రౌన్ రైస్ కంటే ఏడు గ్రాములు తక్కువ.

ఆ ఏడు గ్రాముల దగ్గరే మేం దెబ్బతిన్నాం. నాన్నగారికి షుగర్. బ్రౌన్ రైస్ పెట్టినన్నాళ్ళు కప్పు కొలిచి పెట్టేదాన్ని. కొర్రలకు మారాక "కొర్రలే కదమ్మా, ఇంకాస్త వెయ్యి" అనేవారు, నేనూ గరిటె ఆపేదాన్ని కాదు. ఒకరోజు ఆయన కంచంలోది తూస్తే కప్పున్నర ఉంది. 57 గ్రాముల పిండిపదార్థం! కప్పు బ్రౌన్ రైస్‌లో 45 గ్రాములే. భోజనం తర్వాత షుగర్ ఎందుకు దిగట్లేదని టెన్షన్ పడుతూ నెలల తరబడి వెతికింది కంచంలోనే ఉంది. కప్పు అంటే ఏ కప్పో కూడా చూసుకోవాలి. రైస్ కుక్కర్‌తో వచ్చేది 180 మిల్లీలీటర్లది, పట్టికల్లోది 240.

నీళ్ళు మారినా లెక్క మారుతుంది. అవే కొర్రలు నాలుగు రెట్లు నీళ్ళతో మెత్తగా వండితే కప్పులో గింజ తగ్గుతుంది, ప్రోటీన్ ఐదున్నర దగ్గరికి వస్తుంది. అందుకే నేను ఇప్పుడు పచ్చి గింజనే తూచి వండుతున్నాను, మనిషికి 55 గ్రాములు.

క్వినోవాకు ఒక మేలు ఒప్పుకోవాలి. దాని ప్రోటీన్‌లో లైసిన్ అనే అమైనో ఆమ్లం బాగా ఉంటుంది, కొర్రల్లో అది తక్కువ. అయితే కందిపప్పులో లైసిన్ పుష్కలం. 25 గ్రాముల పచ్చి కందిపప్పు పప్పుచారులోకో ముద్దపప్పులోకో వేస్తే ఐదున్నర గ్రాముల ప్రోటీన్ వచ్చి చేరుతుంది. పప్పు లేకుండా ఒట్టి కొర్రన్నం పెరుగుతో కానిచ్చేవాళ్ళకు ఈ మాట వర్తించదు గానీ, పప్పు తినే ఇంటికి క్వినోవా అవసరం నాకు కనబడదు.

ఇక్కడ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన కొర్రలు కన్నడంలో నవణె. పేరు దగ్గరగా ఉంది కదా అని "కొరలె" అడిగితే అండుకొర్రలు కట్టిస్తారు, అది వేరే ధాన్యం. నాకూ మొదటిసారి కిలో అలాగే వచ్చింది. కొర్రలు పసుపు ఛాయలో ఉంటాయి, ఇవి ఆకుపచ్చ బూడిదరంగులో కనిపించాయి. తూచి చూసుకునే ముందు సంచిలో ఏముందో చూసుకోండి.