పైన గట్టిపడితే అడుగున గట్టిపడినట్టు కాదు

"డాక్టర్ గారూ, నా దవడ పన్ను ఫిల్లింగ్‌కి ముద్ద కొంచెం కొంచెంగా పెడుతూ, ప్రతిసారీ నీలి లైటు వేశారు. ఒకేసారి నింపేస్తే సరిపోదా?"

నింపొచ్చండీ, కానీ అడుగు పచ్చిగా ఉండిపోతుంది. మామూలు కాంపోజిట్‌లో, అంటే పంటి రంగు ఫిల్లింగ్ ముద్దలో, దాన్ని గట్టిపరిచే ఆ నీలి కాంతి దాదాపు 2 మిల్లీమీటర్ల లోతు వరకే సరిగా పనిచేస్తుంది. గుంట 4 మిల్లీమీటర్లు ఉందనుకోండి, పైన గీరి చూస్తే రాయిలా ఉంటుంది, కింద మెత్తదనం బయటికి తెలియదు. లైటు కొన దూరంగానో వంకరగానో పట్టుకుంటే ఇంకా నష్టం.

అసలు తలనొప్పి కుంచించుకుపోవడం. గట్టిపడేటప్పుడు ముద్ద పరిమాణం సుమారు 2-3 శాతం తగ్గుతుంది. నమిలే వైపు గుంటలో అది నాలుగు గోడలకూ అడుక్కూ అతుక్కుని ఉంటుంది, పైభాగం ఒక్కటే ఖాళీ. ఒకేసారి గట్టిపడితే ఎదురెదురు గోడల్ని లోపలికి లాగుతుంది, లేదా అంచు దగ్గర ఊడుతుంది. అక్కడ సన్నటి తెల్ల గీత కనబడొచ్చు, కొరికితే జివ్వుమనొచ్చు.

అందుకే మొదటి పొరను అడుగుకూ ఒక గోడకూ మాత్రమే ఏటవాలుగా ఆనించి, సుమారు 20 సెకన్లు లైటు వేసి, ఆ తర్వాతే ఎదుటి గోడ జోలికి వెళ్తాం. 4 మిల్లీమీటర్లు ఒక్కసారే గట్టిపడే బల్క్‌ఫిల్ రకాలు ఉన్నాయి, నేనూ వాడతాను. అవీ కుంచించుకుపోతాయి, లైటు బలహీనంగా ఉంటే వాటి అడుగూ పచ్చిగానే మిగులుతుంది.