‘ఇతరులు’ గారికి జరుగుతున్న అన్యాయం

ఈమధ్య శ్రీకాకుళంలో ఎవరి ఫోన్ తెరిచినా ఒక పెద్దమనిషి తన్నులు తింటూ కనిపిస్తున్నాడు. ఆయన పేరు ‘ఇతరులు’. వాటర్ ప్యూరిఫయర్ పోస్టుల్లో ఒక పక్క ‘మేము’, ఇంకో పక్క ‘ఇతరులు’. మేము కింద అన్నీ పచ్చ టిక్కులే, ఆయన కింద అన్నీ ఎర్ర ఇంటూలే. ఆయన నీళ్లు రుచిగా ఉండవు, ఆయన సర్వీసుకి రాడు, ఆయనకి మీ పిల్లలంటే ప్రేమ లేదు. పాపం, ఆయనది ఏ ఊరో, ఏ మెషీన్ అమ్ముతాడో ఎవరికీ తెలీదు కాబట్టి వచ్చి జవాబు చెప్పుకునే వీలు కూడా లేదు. ఆయన తరఫున వకాల్తా పుచ్చుకోక తప్పడం లేదు.

ముద్దాయి మా బావే. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర షాపు ఆయనది. అడిగితే "నేనెవరి పేరూ ఎత్తలేదు కదరా" అంటాడు. పేరు ఎత్తలేదు సరే, ఇతరుల గడిలో పెట్టిన మెషీన్ బొమ్మ రంగూ ఆకారమూ చూసి ఎదురు షాపాయన టీ తాగడం మానేశాడు. పేరు లేనంత మాత్రాన తప్పించుకున్నట్టు కాదు బావా, 2004లో చ్యవనప్రాశ్ ప్రకటన కేసు ఒకటి ఢిల్లీ హైకోర్టుకి వెళ్తే, ఏ కంపెనీనీ వేలెత్తి చూపకుండా మొత్తం చ్యవనప్రాశ్ జాతినే తీసిపారేసినా తప్పేనన్నారు అని చెప్పాను. "మనం అమ్మేది చ్యవనప్రాశ్ కాదు కదా" అన్నాడు.

ఇక ఆయన బ్రహ్మాస్త్రం కౌంటర్ మీదే ఉంటుంది, దాని వీడియో కూడా పోస్టులో పెట్టాడు. రెండు గ్లాసులు: ఒకదాంట్లో కుళాయి నీళ్లు, ఒకదాంట్లో తన ఆర్‌ఓ నీళ్లు. రెండింట్లోనూ ఇనుప కడ్డీలున్న చిన్న కరెంటు పెట్టె ముంచి స్విచ్ వేస్తాడు. కాసేపటికి కుళాయి నీళ్లు ఇటుక రంగుకి తిరిగి అడుగున మడ్డి పేరుకుంటుంది, ఆర్‌ఓ గ్లాసు మాత్రం తేటగా నవ్వుతూ ఉంటుంది. చూసినవాళ్లు "అమ్మో, ఇన్నాళ్లూ ఇదా మేం తాగింది!" అని అక్కడే అడ్వాన్స్ ఇచ్చేస్తారు. నిజానికి ఆ మడ్డి నీళ్లలోది కాదు, కడ్డీది. నీళ్లలో లవణాలుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరిగి తుప్పులా దిగుతుంది. ఆర్‌ఓ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి కరెంటూ సరిగా పారదు, రంగూ రాదు. మొన్న బావ ఫోన్ మాట్లాడుతుంటే ఆయన పవిత్ర గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి స్విచ్ నొక్కాను. అదీ ఇటుక రంగే. మా అక్క నాతో మాట్లాడటం లేదు.

ఉద్దానం ఫొటో పెట్టి ‘మీ కిడ్నీలు జాగ్రత్త’ అని రాద్దామన్నాడు కూడా. అక్కడి జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇన్నేళ్ల పరిశోధనలోనూ ఖాయంగా తేలలేదు. డాక్టర్లకి తేలనిది మా బావ మెంబ్రేన్‌కి తేలిపోయిందన్నమాట.

సరే, పోలికే కావాలనుకుంటే ‘ఇతరుల’తో ఎందుకు, ఇంటి నీళ్లతో పోల్చు అన్నాను. నీళ్లలో కరిగిన లవణాలెన్నో చూపించే టీడీఎస్ మీటర్ పట్టుకుని రెండిళ్లకి వెళ్లాం. మున్సిపల్ కుళాయి ఉన్న ఇంట్లో 140 చూపించింది, ఊరి చివర బోరు వాడే ఇంట్లో 900. తాగే నీళ్లకి మన దేశపు ప్రమాణం 500 దాకా బాగే అంటుంది, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా సర్దుకోమంటుంది. అంటే 140 ఉన్న ఇంటికి లవణాలు తీసే ఆర్‌ఓతో పని లేదు. అక్కడ భయం సూక్ష్మక్రిములది, దానికి యూవీ చాలు. క్రిములున్నాయో లేవో మీటర్ చెప్పదు, అది కరిగిన లవణాల సంగతే చూస్తుంది. బోరు ఇంటికి మాత్రం యూవీ ఒక్కటీ చాలదు. అది క్రిముల్ని చంపుతుందే గానీ ఉప్పదనం తియ్యదు, అక్కడ ఆర్‌ఓ ఉండాల్సిందే. కానీ ఇంటిల్లిపాదికీ తాగడానికీ వంటకీ రోజుకి 20 లీటర్లు కావాలంటే, లీటరుకి మూడు లీటర్లు వదిలే మెషీన్ 60 లీటర్లు బయటికి పంపుతుంది. మూడు పెద్ద బకెట్లు. ఆ నీళ్లు దేనికి వాడుకోవాలో కూడా పోస్టులోనే రాయమన్నాను.

"140 వాళ్లకి అక్కర్లేదని నేనే రాస్తే నా ఆర్‌ఓ ఎవడు కొంటాడురా?"

"900 వాళ్లు. వాళ్లు నిన్ను నమ్ముతారు కూడా."

రాత్రంతా ఆలోచించి పొద్దున్నే పోస్టు పెట్టాడు. నిజంగానే బాగుంది. మీ నీళ్లు 500 లోపు ఉంటే ఆర్‌ఓ వద్దు, యూవీ చాలు. బోరు అయితే ఆర్‌ఓ, వదిలే నీళ్లు ఇంత, వాటితో గచ్చు కడుక్కోండి. టీడీఎస్ ఉచితంగా చూస్తాం. ఎర్ర ఇంటూ ఒక్కటీ లేదు. కిందికి జరిపితే చివర్లో పెద్దక్షరాలతో:

‘ఇంత నిజం చెప్పే ధైర్యం ఇతరులకి ఉందా?’