గడప దగ్గర పద్యం: ఒక యతి కథ

కొత్త కోడలు గడప దాటే ముందు ఒక స్వాగత పద్యం చదవాలని మా అన్నయ్య ఇంట్లో తీర్మానం జరిగింది. హారతి పాటలు పాడే పెద్దమ్మలు ఇప్పుడు లేరు. ఫోన్‌లో పాట పెడితే మధ్యలో ప్రకటన వస్తుంది. అందుకని పద్యం రాసే బాధ్యత, వేరే పనికి పనికిరానివాణ్ణి కాబట్టి, నా మీద పడింది.

బాధ్యత గల మనిషిని కనుక ముందు పూర్వ దస్తావేజులు తిరగేశాను. ఋగ్వేదం పదో మండలంలో 85వ సూక్తం పెళ్లి సూక్తం. అందులో 46వ మంత్రం కోడలికి ఇచ్చిన నియామక పత్రం లాంటిది. "సమ్రాజ్ఞీ శ్వశురే భవ, సమ్రాజ్ఞీ శ్వశ్ర్వాం భవ" అని మొదలై, మామగారి మీద, అత్తగారి మీద, ఆడపడుచు మీద, మరుదుల మీద నువ్వు మహారాణివి కమ్ము అంటుంది. హోదాలో ఎక్కడా సందిగ్ధం లేదు. మొగుడి పేరు మాత్రం ఆ జాబితాలో లేదు. చెప్పక్కర్లేదని వదిలేసి ఉంటారు.

అదే సూక్తంలో 27వ మంత్రం ఉంది. కోడల్ని ఇంట్లోకి తీసుకెళ్లేటప్పుడు దీన్నే చదవమని ఆశ్వలాయన గృహ్యసూత్రం చెబుతుంది. అందులో "అస్మిన్ గృహే గార్హపత్యాయ జాగృహి" అని ఒక ముక్క. ఈ ఇంట్లో ఇల్లాలి బాధ్యత కోసం మేలుకొని ఉండు అని. నా మనవి ఏమిటంటే, రెండు మంత్రాల్లో ఒకటి మహారాణివి అంటోంది, ఇంకొకటి నిద్రపోకు అంటోంది. మన ఇళ్లలో తరతరాలుగా అమల్లో ఉన్నది రెండోదే. మొదటిది ఇంకా పరిశీలనలో ఉంది.

ఇక మన పద్యం. సీసం రాద్దామనుకున్నాను గానీ, దానికి పాదానికి ఎనిమిదేసి గణాల చొప్పున నాలుగు పాదాలు, పైగా కింద ఓ ఆటవెలదో తేటగీతో. అంతసేపు కర్పూరం వెలగదు. పట్టుచీరలో, పన్నెండు గంటల ప్రయాణం చేసి వచ్చిన పిల్ల కూడా నిలబడదు. కాబట్టి ఆటవెలది ఖాయం చేశాను. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే ఒక గురువు, ఒక లఘువు. లేదా మూడు లఘువులు. అంతకన్నా ఏమీ లేదు.

కూర్చున్నాక తెలిసింది, అసలు సంగతి ఛందస్సులోనే ఉందని. "అత్తగారు" రెండు సూర్యగణాలు, కొలిచి కోసినట్టు. "మామగారు" అంతే. "ఆడపడుచు" అంతే. "మరది" అయితే ఒకే గణం, మూడు లఘువులు. ఇంట్లో వాళ్లందరికీ ఆటవెలదిలో సొంత గదులున్నాయి. "కోడలు" ఒక్కతే గురువు మీద రెండు లఘువులు వచ్చి, సూర్యగణంలో పట్టదు. అంటే రెండో పాదంలో, నాలుగో పాదంలో ఆమెను పెట్టాలంటే రెండు ముక్కలు చేసి, సగం ఒక గణంలో, సగం పక్క గణంలో సర్దాలి. మొదటి పాదంలో కూడా ముందు వరసలో కూర్చోబెట్టాలంటే అదే గతి. ఇది నా కల్పన కాదు, ఎవరైనా వేళ్ల మీద లెక్కేసుకోవచ్చు.

సరే, ముక్కలు చేసే రాశాను:

రమ్ము కోడలమ్మ రాణివై యింటికి
అత్తగారు నీకు నమ్మ వలెను
ఆడపడుచు తోడ హాయిగా నుండుము
ఇల్లు నీది యింక నేలుకొనుము

"కోడ" ఒక గణం, "లమ్మ" ఇంకో గణం. ఎవరికీ తెలియకుండా పని జరిగిపోయింది.

పద్యం ఆమోదం కోసం హాల్లో కమిటీ కూర్చుంది. మామగారు, అత్తగారు, ఆడపడుచు, మరిది. అంటే 46వ మంత్రంలో ఎవరి మీద మహారాణిగా ఉండమన్నారో సరిగ్గా వాళ్లే. పెళ్లికొడుకు లేడు, దారిలో ఉన్నాడు.

మా వదిన నాలుగో పాదం దగ్గర ఆగింది. "ఏం మరిదీ, ఇల్లు నీది అని రాసిచ్చేశావేమిటి? రిజిస్ట్రేషన్ నా పేరు మీద ఉంది కదా."

"పద్యంలో వదినా. స్టాంపు కాగితం మీద కాదు."

"పద్యమైనా వీడియో తీస్తున్నారు."

ఆ మాట నిజమే. "ఇల్లు మాది" అని మార్చమంది. గణం చెడదు, నీది, మాది రెండూ గురువు, లఘువే. కానీ ఇల్లు మాది, నువ్వు ఏలుకో అంటే అద్దె ఒప్పందంలా ఉందని అన్నయ్య అడ్డు చెప్పాడు. చివరికి "ఇల్లు మనది" దగ్గర రాజీ కుదిరింది. మూడు లఘువులు, అదీ సూర్యగణమే.

అక్కడితో ఆగితే బాగుండేది. "బాబాయ్, ఏలుకొనుము ఎందుకు, ఊడ్చుకొనుము అను, సరదాగా ఉంటుంది" అంది ఆడపడుచు. గణం సరిపోయింది. నాకూ కాస్త టెన్షన్ పట్టింది. కానీ యతి ఒప్పుకోలేదు. పాదం "ఇ"తో మొదలైంది కాబట్టి నాలుగో గణం మొదట్లో ఇ, ఈ, ఎ, ఏ లాంటి అచ్చు రావాలి. "నేలు"లో ఏ ఉంది, సరిపోతుంది. "నూడ్చు"లో ఊ, ఇ పక్కన నిలబడదు. ఈ దేశంలో కోడలి తరఫున అడ్డం పడినది యతి ఒక్కటేనని నేను ఎక్కడైనా సాక్ష్యం చెబుతాను.

సాయంత్రం కారు వచ్చింది. పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లు తిప్పి దిష్టి తీశారు. గడప మీద బియ్యం పోసిన చెంబు పెట్టారు. ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా నిలబడి ఇద్దరి చేతా పేర్లు చెప్పించింది. పిల్ల గట్టిగా చెప్పింది, మావాడు గొణిగాడు. తరవాత ఆడపడుచే కాగితం విప్పి పద్యం అందుకుంది.

రెండో పాదం దగ్గర దగ్గు వచ్చింది. "అత్తగారు నీకు..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "నమ్మవలెను" అంది. నేను రాసింది అమ్మ వలె అని. వినబడింది నమ్మి తీరాలి అని. సంధి చేసిన పని. జనం చప్పట్లు కొట్టారు. వదిన మురిసిపోయింది.

పద్యం అయిపోయింది. కర్పూరం ఇంకా వెలుగుతోంది, నా లెక్క తప్పలేదు. కొత్త కోడలు తల దించుకునే ఉంది. దించుకునే నా వైపు తిరిగింది.

"చిన్నమావయ్యగారూ, నాలుగో పాదంలో మనది బదులు నీది అన్నా గణం చెడదు కదండీ?"

జీతం అడిగాం, గోత్రం అడిగాం, ఛందస్సు వచ్చా అని పెళ్లిచూపుల్లో ఎవరూ అడగలేదు. వాళ్ల తాతగారు తెలుగు మాస్టారట, ఆ తరవాత తెలిసింది.

నేను అన్నయ్య వైపు చూశాను. అన్నయ్య వీడియో తీసే కుర్రాడి వైపు చూశాడు.

"కుడికాలమ్మా, కుడికాలు ముందు" అంది వదిన.