మైనస్ రెండు

జవాబు పత్రం ఈ మధ్యాహ్నమే చేతికి వచ్చింది. మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

పరీక్ష అనంత శ్రేణుల మీద. ఒక కాగితం మీద, ఒకే వైపు, చేతితో ఏం రాసుకున్నా లోపలికి తెచ్చుకోవచ్చని మాస్టారు చెప్పారు. కాగితానికి రెండో వైపు ఉండటమే ఒక నేరమైనట్టు ఆ ‘ఒకే వైపు’ను మూడుసార్లు నొక్కి చెప్పారు. నలభై పేజీల అధ్యాయం. ముందురోజు రాత్రి కూర్చున్నాను.

పుస్తకంలో ముఖ్యమైన సూత్రాలన్నింటికీ రంగు పెట్టెలు కట్టి ఉన్నాయి. పెట్టెలో ఉన్నది ముఖ్యం, బయట ఉన్నది కబుర్లు అనుకున్నాను. ‘పాక్షిక మొత్తాల అవధినే శ్రేణి మొత్తం అంటారు’ అన్న నిర్వచనాన్ని వదిలేశాను, మొత్తమంటే ఏమిటో ఎవరికి తెలియదని. నిరూపణలు పోయాయి. ఉదాహరణల్లో ఒకటి 1 + 2 + 4 + 8 + … గురించి. రెండు పేరాలు నడిచి, చివరికి ‘మొత్తం లేదు’ అని తేలింది. జవాబే లేని లెక్కకు నా కాగితంలో చోటెందుకు? అదీ పోయింది.

మిగిలినవాటిలో రాణి ఇది:

```
S = a / (1 - r)
```

అనంత గుణశ్రేణి మొత్తం. a మొదటి పదం, r సామాన్య నిష్పత్తి. దీని చుట్టూ పక్కింటి అబ్బాయి దగ్గర అడిగి తెచ్చుకున్న ఎర్ర పెన్నుతో రెండు గీతల చట్రం కూడా గీశాను.

పరీక్షలో మొదటి ప్రశ్న: ‘1 + 3/2 + 9/4 + 27/8 + … మొత్తం ఉంటే కనుక్కోండి.’

ఆ ‘ఉంటే’ను నేను మర్యాద అనుకున్నాను. ‘వీలైతే ఒకసారి రండి’ అంటామే, ఆ తరహా. మాస్టారి సంస్కారానికి మనసులోనే దండం పెట్టి లెక్కలోకి దిగాను. a = 1, r = 3/2. 1 లోంచి 3/2 తీసేస్తే −1/2. ఒకటిని దానితో భాగిస్తే −2.

మైనస్ రెండు.

కూడికను మళ్లీ చూశాను. అన్నీ ధన సంఖ్యలే. ఒక్క మైనస్ గుర్తు కూడా లేదు. హుండీలో రోజూ డబ్బు వేస్తూ పోయి, ఒకనాడు పగలగొట్టి చూస్తే లోపల అప్పు పత్రం కనబడినట్టుంది. తీసివేత తప్పేమోనని మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అదే అప్పు. ప్రశ్నలో అచ్చుతప్పు ఉందేమోనని పక్క బల్ల వైపు చూశాను. ఆవిడ తన కాగితాన్ని చేతితో కప్పుకుంది. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. మైనస్ గుర్తు కొట్టేశాను. జవాబు 2. ఎంత చక్కగా ఉంది! అర నిమిషం హాయిగా ఊపిరి పీల్చుకున్నాక, మొదటి రెండు పదాలు కలిపితేనే రెండున్నర అవుతుందని కళ్లకు తగిలింది. మూడోది కలిపితే 4.75, నాలుగోది కలిపితే 8.125. కలిపేకొద్దీ ఆ శ్రేణి నా జవాబును వెనక వదిలేసి పరుగెడుతోంది. ఇక రెండు తప్పుల్లో సూత్రం చెప్పిన తప్పే గౌరవప్రదమని నిర్ణయించుకుని, కొట్టేసిన మైనస్‌ను మళ్లీ దిద్దాను. ఎంత ముదురుగా దిద్దానంటే కాగితానికి చిల్లి పడింది.

మాస్టారు ఆ చిల్లి పక్కన ఎర్ర సిరాతో రాసిన వాక్యం: ‘కాగితం చూసుకోలేదా?’

చూసుకున్నానండీ. అదొక్కటే చూసుకున్నాను.

ఇంటికి వచ్చి పుస్తకం తెరిచాను. ఆ పెట్టెకు ముందు పేజీలో, అడుగున, ఏ రంగూ లేకుండా ఒక వాక్యం: ‘ఈ విభాగంలో ఇకపై |r| < 1 అని భావిద్దాం.’ పుస్తకం రాసిన పెద్దమనిషికి పెట్టెలు కట్టే ఓపిక ఉంది గాని, సూత్రానికి ప్రాణమైన షరతును పెట్టెలో వేసే ఓపిక లేకపోయింది. మొదటి n పదాలు కలిపితే మొత్తం a(1 − rⁿ)/(1 − r) అవుతుంది. r విలువ −1కీ 1కీ నడుమ ఉంటేనే rⁿ సున్నాకు చేరి, పెట్టెలోని సూత్రం మిగులుతుంది. r = 3/2 అయితే rⁿ పెరుగుతూనే ఉంటుంది, మొత్తం అంటూ ఏదీ తేలదు. నేను వదిలేసిన ఆ జవాబులేని ఉదాహరణ రెండు పేరాల్లో మొత్తుకున్నది ఇదే.

షరతు రాయడానికి చోటు లేదని మాస్టారితో వాదిద్దామని నా కాగితం తీశాను. సూత్రం చుట్టూ ఉన్న రెండు గీతల్లో బయటిది గీయకుండా ఉంటే, |r| < 1 హాయిగా పట్టేది.

ఆ ఎర్ర పెన్ను ఇంకా తిరిగి ఇవ్వలేదు.